హోరు పోతుంది, మాట పోదు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన భ్రమ మాస్టారు. మాస్టారంటే ఎవరికో నాలుగు అక్షరాలు చెప్పాడని కాదు, ఎదుటివాడికి ఏమీ తెలియదన్నట్టు మాట్లాడతాడు కాబట్టి మాస్టారు. హెడ్‌ఫోన్లలో కుడివైపు గరగరమంటోందండీ అని ఎవరైనా వస్తే, వాళ్లని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, "అది మీ భ్రమ" అనేవాడు. ఆ మూడు మాటలతో ఆయన ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాడు. కొందరు నిజంగానే తమ చెవుల్ని అనుమానించుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. అలా వెళ్లిపోయినవాళ్లందర్నీ ఆయన తాను బాగుచేసిన ఖాతాలో వేసుకునేవాడు.

ఈ గుణం నడమంత్రంగా వచ్చింది కాదు. పదకొండేళ్లప్పుడు ఇంట్లో పాడుతున్న రేడియోని విప్పి మళ్లీ బిగిస్తే మూడు మరలు మిగిలాయి. ఆ మూడూ అనవసరంగా పెట్టారని తేల్చి కిటికీలోంచి పారేశాడు. ఆ రోజు నుంచి రేడియో తేనెటీగలా జుయ్యిమంటూ పాడేది. "ఏంట్రా ఈ జుయ్యి?" అని అమ్మ అడిగితే, "నీకలా అనిపిస్తోందమ్మా" అన్నాడు. తల్లి కాబట్టి నమ్మింది. పెళ్లయ్యాక భార్య, వంటింటి గోడలో ఎక్కడో నీళ్ల చప్పుడవుతోందని ఆరు నెలలు మొత్తుకుంది. ఆమెకీ అదే మాట చెప్పాడు. ఏడో నెలలో గోడ చెమ్మెక్కి పెచ్చులూడి సరిగ్గా ఆయన అన్నం పళ్లెంలోనే పడ్డాయి. అప్పుడు కూడా ఆయన తప్పు ఒప్పుకోలేదు. గోడ కట్టినవాణ్ని తిట్టుకుంటూ చెయ్యి కడుక్కున్నాడు.

షాపు ఆయనది కాదు, అన్నగారు పెట్టింది. స్పీకర్లు, మైకులు, హెడ్‌ఫోన్లు అమ్మడం, బాగుచెయ్యడం. అన్న మంచి పనివాడు, అంతకన్నా మంచి శ్రోత. ఎదుటివాడు చెప్పేది చివరిదాకా విని, అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడు. ఆయన ఒక పద్ధతి పెట్టాడు. బాగుచేసిన వస్తువుని కస్టమర్ ఇంటికి పట్టుకెళ్లి, వాడే చోట రెండు రోజులు వాడి చూడాలి. తరవాత వచ్చి, ఎలా ఉందో షాపు పుస్తకంలో సొంత చేత్తో రాసి సంతకం పెట్టాలి. పేజీలకి నంబర్లుంటాయి, కింద కార్బను పెట్టిన గులాబీ కాగితం కస్టమర్‌ది. ఆ రాత పడితేనే పని పూర్తయినట్టు. అన్న పోయి ఎనిమిదేళ్లయినా వదినగారు ఆ పద్ధతి మానలేదు. కౌంటర్లో ఆ పుస్తకాన్ని మోచేతి కింద పెట్టుకుని కూర్చునేది.

అన్న పోగానే మాస్టారు చేసిన మొదటి పని, రిపేరు బల్ల చుట్టూ గాజుగది కట్టించుకోవడం. దుమ్ము పడుతుందన్నది పైకి చెప్పిన కారణం. అసలు కారణం జనం మాటలు. తలుపు మూసుకుంటే ఎవరి సొదా వినపడదు. పెదవులు కదలడం కనిపిస్తుంది, అంతే. ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చుంటే ఆయన మహారాజు. ఆ కుర్చీలోంచి లేస్తే, నిజం చెప్పాలంటే, ఆయనలో ఇంకేమీ లేదు. స్నేహితులు లేరు, సరదాలు లేవు, ఇంట్లో మాటకి విలువ ఆ గోడ పెచ్చులతోనే ఊడిపోయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు కాబట్టే కుర్చీని అంత గట్టిగా పట్టుకున్నాడు.

ఆ కుర్చీకే ఆ ఏడాది ఎసరొచ్చింది. మూడు పనులు తిరిగొచ్చాయి. ముగ్గురు కస్టమర్లు పుస్తకంలో మొహమాటం లేకుండా రాసి పోయారు. ఒకాయనైతే "ఇంతకు ముందు ఒక చెవే పనిచేసేది కాదు, ఇప్పుడు రెండూ పనిచెయ్యడం లేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం కింద గీత కూడా గీశాడు.

వదినగారు ఆ పేజీ తెరిచి గాజుగది తలుపు తట్టింది.

"చూడవయ్యా, నేను గొడవపడే మనిషిని కాదు, నీకు తెలుసు. కానీ మీ అన్న పెట్టిన షాపు ఇది. ఇంకొక్కటి తిరిగొచ్చి, వాళ్లచేత పుస్తకంలో బాగుందని రాయించలేకపోయావో, ఆ కుర్చీలో ఎదురు షాపులో ఫోన్లు బాగుచేసే అమ్మాయి కూర్చుంటుంది. నువ్వు నా పక్కన కౌంటర్లో కూర్చుందువుగాని. వచ్చినవాళ్ల బాధ విని రాసుకోవాలిగా ఎవరో ఒకరు."

"ఆ ఫోన్ల పిల్లా?" అన్నాడు మాస్టారు, నోట్లో చేదు పడ్డట్టు.

"పిల్లేంటి, ఇద్దరు బిడ్డల తల్లి. నీకన్నా శ్రద్ధగా వింటుంది."

వినడం కూడా ఒక పనేనా అని మాస్టారు లోపల్లోపల ఈసడించుకున్నాడు. కానీ ఆ మధ్యాహ్నం ఒకే తీగకి రెండుసార్లు టంకం వేశాడు. కౌంటర్లో, గాజు అడ్డం లేకుండా, రోజంతా జనం ముందు కూర్చోవడమంటే ఆయనకి నడివీధిలో బట్టలిప్పి నిలబెట్టినట్టే.

సరిగ్గా ఆ వారంలోనే ఐస్ ఫ్యాక్టరీ ఆవిడ వచ్చింది.

ఆవిడ ఆ షాపుకి కొత్త కాదు. ఫ్యాక్టరీలో ఫోను ఆర్డర్లు తీసుకునే ఉద్యోగం. ఆవిడ బల్లకీ కంప్రెసర్ల గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే శ్రుతిలో హోరు. మధ్యాహ్నానికల్లా కణతలు పగిలిపోయేవి. ఏడెనిమిది నెలల కింద ఏ హెడ్‌ఫోన్లు కొనాలో అడగడానికి వచ్చినప్పుడు, దూది పెట్టుకుంటే సరిపోదా అని వెటకారమాడి, తరవాత మాస్టారే ఉపన్యాసం ఇచ్చాడు. ఉపన్యాసమంటే ఆయనకి ప్రాణం, ఎందుకంటే అందులో ఎదుటివాళ్లు నోరు మూసుకుంటారు.

"ఇదిగో, ఈ చిప్ప బయట చిన్న చిల్లు కనిపిస్తోందా? దాని వెనక మైకుంది. మీ కంప్రెసర్ హోరు ముందు దానికి వినపడుతుంది. లోపల సర్క్యూట్ ఆ హోరుకి సరిగ్గా తిరగేసిన శబ్దాన్ని తయారుచేసి స్పీకర్లోంచి వదుల్తుంది. హోరు మీ చెవిలోకి గాలిని నెట్టే క్షణంలో స్పీకర్ వెనక్కి లాగుతుంది. హోరు లాగితే ఇది నెడుతుంది. తలుపుని ఇద్దరు చెరోవైపు నుంచి ఒకే బలంతో నెట్టారనుకోండి, కదులుతుందా? కదలదు. అదీ సంగతి. అర్థం కాకపోయినా పర్లేదు, పనిచేస్తుంది."

ఆవిడకి అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఇంకో ప్రశ్న వేసింది. "మరి ఫోను మోగితే? డ్రైవర్ కిటికీ దగ్గరికొచ్చి పిలిస్తే? అదీ వినపడకుండా పోతే నా ఉద్యోగం ఊడుతుందండీ."

మాస్టారు జాలిగా నవ్వాడు. "పోయేది హోరేనమ్మా, మాట కాదు. మీ కంప్రెసర్ బొంగురు గొంతుది, ఒకటే పాట పాడుతుంది. దాని అల నిదానంగా కదులుతుంది కాబట్టి సర్క్యూట్ దానికి అడుగులో అడుగు వెయ్యగలదు. మాటలు, గంటలు, గిన్నె పడ్డ చప్పుళ్లు, ఇవన్నీ సన్నటివి, హఠాత్తుగా వచ్చేవి. ఇది తిరగేసి పంపేలోపే అవి చెవిలో దూరిపోతాయి. ఈ మెత్తలు కొంచెం అడ్డుకుంటాయంతే. ఇంకా చెప్పాలంటే హోరు పోయాక మాట తేటగా వినపడుతుంది."

ఈ ఒక్క విషయం ఆయన చెప్పినవాటిలో నూటికి నూరుపాళ్లూ నిజం. చెప్పి మరిచిపోయాడు. ఆవిడ మరిచిపోలేదు.

ఆవిడ కొన్నది ఖరీదైన రకం కాదు. చిప్పకి బయటొక్క మైకు, లోపల మైకు లేదు. అయినా ఆ ఏడు నెలలూ ఆవిడకి కణతల నొప్పి రాలేదు. ఇప్పుడు సంగతేమిటంటే, బల్ల మీద బోర్లా పెట్టిన హెడ్‌ఫోన్ల కిందికి ఐసు కరిగిన నీళ్లు పారి, రెండు స్పీకర్లూ చచ్చాయి. పైన ఉన్న మైకులకి తడి తగల్లేదు.

"ఎల్లుండి రండి" అన్నాడు మాస్టారు, ఆవిడ మొహం చూడకుండా.

పని కష్టమైంది కాదు. పాత స్పీకర్లు పీకి అదే కొలతవి కొత్తవి పెట్టడం. ప్రతి స్పీకర్‌కీ రెండు కొసలుంటాయి, ఏది ప్లస్సో చెప్పడానికి ఒకదాని పక్కన చుక్కంత గుర్తుంటుంది. పాతవాటికి ఆ గుర్తు కుడివైపు ఉండేది, కొత్తవాటికి ఎడమవైపు ఉంది. చూసినవాడికి కనిపిస్తుంది. మాస్టారు చూడలేదు. ముప్పై ఏళ్లుగా ఎర్ర తీగ కుడివైపే వేస్తున్న చెయ్యి, ఈసారీ కుడివైపే వేసింది. రెండు స్పీకర్లకీ అలాగే వేసింది.

ఒకటి తిన్నగా, ఒకటి తిరగేసీ పెట్టి ఉంటే పాట డొల్లగా, వింతగా వినిపించేది, ఎంతటి మాస్టారికైనా దొరికిపోయేది. రెండూ తిరగేస్తే పాటకి ఏ తేడా రాదు. రెండు స్పీకర్ల పొరలూ కలిసి ముందుకి పోవాల్సినప్పుడు కలిసి వెనక్కి పోతాయి, అంతే. అది చెవికి తెలియదు. పాట అమోఘంగా ఉంది. ఇక హోరు ఆపే బొత్తం సంగతి. దాన్ని పరీక్షించడానికి మాస్టారు ఏం చేశాడో తెలుసా? తనకి చక్కగా వినపడాలని గాజుగది తలుపు మూశాడు. ఫ్యాను ఆపాడు. చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దంలో కూర్చుని హోరు ఆపే బొత్తం నొక్కాడు. ఏ హోరూ వినపడలేదు. "బ్రహ్మాండం" అనుకున్నాడు. గొడుగు చిల్లుల్ని నట్టింట్లో నిలబడి వెతికే తెలివి అది.

రెండు రోజులు వాడాల్సిన ఆవిడ, పట్టుకెళ్లిన మర్నాడే తిరిగొచ్చింది.

"మాస్టారూ, పాట బాగానే వస్తోందండీ. కానీ బొత్తం నొక్కితే హోరు తగ్గడం లేదు, పెరుగుతోంది."

"పెరుగుతోందా?" అన్నాడు మాస్టారు ఆ మాటని చిమటాతో పట్టుకున్నట్టు. "ఇంతకాలం నిశ్శబ్దానికి అలవాటు పడ్డారు. నాలుగు రోజులు లేకపోయేసరికి చెవి నాజూకైంది. అది మీ భ్రమ."

ఆవిడ చిప్ప మీది చిల్లుని ఒకసారి చూసింది. హెడ్‌ఫోన్లు తీసుకుని వెళ్లిపోయింది. మాస్టారు ఇంకో రిపేరు గెలిచినట్టు కాళ్లు చాపుకున్నాడు. కౌంటర్లో వదినగారు మాత్రం రాత పడని పేజీ వైపు చూస్తూ ఉండిపోయింది.

రెండు రోజులకి ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి హెడ్‌ఫోన్ల చిప్పల మీద, బయట, చెరోవైపూ దెబ్బలకి అంటించే ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. అది చూసి మాస్టారికి నవ్వాగలేదు.

"వీటికేం దెబ్బ తగిలిందమ్మా? జ్వరం కూడా వచ్చిందా?"

ఆవిడ నవ్వలేదు. "మీరే కదండీ చెప్పారు, ఈ చిల్లు వెనక మైకుందని. బొత్తం నొక్కి, హోరు పెరిగినప్పుడు ఈ చిల్లు మీద వేలు గట్టిగా నొక్కిపెట్టా. పెరిగిన హోరు తగ్గింది. వేలు తీస్తే మళ్లీ లేచింది. వేలు పెట్టుకుని పని చెయ్యలేను కదా, అందుకని రెండు మడతల ప్లాస్టర్ వేశా. అంటే మైకు బాగానే వింటోందని కదా? అది విన్నదాన్ని లోపల ఇంకెవరో తప్పుగా పంపుతున్నారు."

అంతకన్నా స్పష్టంగా తప్పుని వేలెత్తి చూపడం ఎవరి తరమూ కాదు. ఐసు గడ్డల ఆర్డర్లు రాసుకునే మనిషి, చేతిలో మీటరు లేకుండా, ఒక్క బొటనవేలితో రోగం తేల్చేసింది. మాస్టారి బుర్రలో ఎక్కడో ఒక మూల చిన్న గంట మోగే ఉంటుంది. కానీ ఆ బుర్రకీ గాజు తలుపుంది. ప్లాస్టర్లు రెండూ పీకి చెత్తబుట్టలో పడేశాడు.

"అమ్మా, ఇంజనీర్లు చెయ్యాల్సిన పనులు మీరు చెయ్యకండి. మీకు తెలియని..."

"మరిదిగారూ" అంది వదినగారు కౌంటర్లోంచి. ఆమె 'గారు' తగిలించి పిలిచిందంటే లోపల మండుతున్నట్టు లెక్క. "రేపు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లు. ఆవిడ కూర్చునే చోట కూర్చుని చూడు. పుస్తకం పట్టుకెళ్లు. రాత ఏదైనా సరే, రాయించుకురా. దాన్నిబట్టే ఆ కుర్చీ."

మర్నాడు మాస్టారు పనిముట్ల పెట్టె ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని, అత్తారింటికి సారె మోస్తున్నవాడిలా మొహం పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. ముప్పై ఏళ్లలో ఒక కస్టమర్ పనిచేసే చోటికి ఆయన వెళ్లడం అదే మొదటిసారి. నేలంతా తడి. రబ్బరు బూట్లవాళ్లు కొక్కేలతో ఐసు దిమ్మల్ని జార్చుకుంటూ పోతున్నారు. ఆవిడ గది మూలన ఉంది. తలుపు తియ్యగానే హోరు ఛాతీకి తగిలింది. బల్ల మీది గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఈ గదిలో ఆవిడ తొమ్మిదేళ్లుగా కూర్చుంటోంది. ఆ సంగతి గురించి మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది.

ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ కూడా వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. షాపాయన వస్తున్నాడని తెలిసి వినోదం చూడ్డానికి వచ్చాడు.

"ఏదీ, ఇలా ఇవ్వండి" అని మాస్టారు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మెత్తలు చెవుల మీద కూర్చోగానే కొక్కేల చప్పుళ్లు కొంచెం మందగించాయి. హోరు మాత్రం గోడలా నిలబడే ఉంది. ఆవిడకి బుద్ధి చెప్పబోయేవాడి నవ్వొకటి పెదాల మీద పెట్టుకుని, బొత్తం నొక్కాడు.

హోరు ఉబ్బింది. గోడ అవతలున్న కంప్రెసర్ ఇవతలికొచ్చి చెవిలో కూర్చున్నట్టయింది. బొత్తం ఆపాడు, తగ్గింది. నొక్కాడు, పెరిగింది. పెదాల మీద నవ్వు ఎక్కడ పెట్టింది అక్కడే ఎండిపోయింది.

ఎంత అహంకారి అయినా పని తెలిసినవాడే. క్షణంలో మొత్తం అర్థమైంది. మైకు సరిగ్గానే వింటోంది. సర్క్యూట్ సరిగ్గానే తిరగేస్తోంది. తిరగేసినదాన్ని తిరగబడ్డ స్పీకర్ మళ్లీ తిరగేస్తోంది. హోరు నెట్టినప్పుడు లాగాల్సింది, తనూ నెడుతోంది. తలుపుకి చెరోవైపు ఉండాల్సిన ఇద్దరూ ఒకేవైపు చేరారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తన చెత్తబుట్టలో పడి ఉన్న రెండు ప్లాస్టర్ ముక్కలు ఆయనకి కళ్లముందు కనిపించాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అప్పుడు "తప్పు నాది తల్లీ" అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆవిడ క్షమించే మనిషే. కుర్చీ దక్కేది. కానీ ఆ మాట ఆయన గొంతులో ఎప్పుడూ తయారవలేదు.

"ఇక్కడ ఓల్టేజీ తేడాగా ఉంది" అన్నాడు హెడ్‌ఫోన్లు తీస్తూ.

"అది బ్యాటరీ మీద కదండీ నడిచేది?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

మాస్టారు పనిముట్ల పెట్టె తెరుస్తూ, "విప్పి చూడాలి. టంకం కడ్డీ ఉందా?" అని మాట మార్చాడు.

ఆవిడ బల్ల మీదే విప్పాడు. గుర్తులు రెండూ ఎడమవైపు నుంచి ఆయన్ని చూస్తున్నాయి. ఆవిడకి కనిపించకుండా భుజం అడ్డం పెట్టి, నాలుగు తీగలూ ఊడదీసి అటూ ఇటూ మార్చి అతికించాడు. ఎలక్ట్రీషియన్ భుజం మీదుగా అంతా చూస్తూనే ఉన్నాడు. పావుగంటలో బిగించి, తనే మళ్లీ తగిలించుకుని బొత్తం నొక్కాడు. హోరు నేలలోకి ఇంకిపోయినట్టు మాయమైంది. మెత్తలు ఆపలేని చిన్న చప్పుళ్లు, ఫోను గణగణ, బయట ఎవరో ఎవర్నో పిలవడం, అన్నీ తేటగా వినపడుతూనే ఉన్నాయి. ఆయన అవేవీ పట్టించుకోలేదు. బతికిపోయానురా అనుకున్నాడు.

"స్పీకర్ల కంపెనీవాళ్లు నాసిరకం అంటగట్టారమ్మా. సరిచేశాను. చూసి పుస్తకంలో రాయండి."

ఆవిడ తగిలించుకుని నొక్కింది. ముందు కనుబొమల మధ్య ముడి విడిపోయింది. తరవాత భుజాలు కిందికి జారాయి. వారం రోజుల బరువు దించుకున్న మనిషిలా కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. కళ్లు తెరిచి, పుస్తకం దగ్గరికి లాక్కుని, పెన్ను తీసుకుంది. "హోరు పూర్తిగా పోయింది" అని మొదటి వాక్యం రాసింది. మాస్టారు తలకిందులుగా చదివి తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అక్కడ ఆగి ఉంటే గట్టెక్కేవాడు. కానీ ఎలక్ట్రీషియన్ మూతి మీద ఒక చిరునవ్వుంది. తీగలు మార్చడం చూసినవాడి నవ్వు. ఆ నవ్వుని అలా వదిలేసి వెళ్లడం మాస్టారి వల్ల కాలేదు. తోటి పనివాడి ముందు తల దించుకోకూడదు. ఆవిడా, చెవులకి అంతంత చిప్పలు పెట్టుకుని రాసుకుంటోంది, ఆవిడకేం వినపడుతుంది? ఎలక్ట్రీషియన్‌కి మాత్రం చెవుల్లో హోరు నిండి ఉంది కాబట్టి, అతనికి వినపడాలని మాస్టారు గొంతు పెంచే చెప్పాడు.

"చూశావుగా, తిరగేసి పెట్టింది నేనే. ఎవరికైనా జరుగుతుంది. ఈవిడకి చెప్పకు. రెండుసార్లు వచ్చి మొత్తుకుంది, భ్రమ అని తోసేశా. బుర్ర లేని జనానికి అదే మందు. ప్లాస్టర్లు వేసుకొచ్చిందయ్యా, పిచ్చిది! వీళ్లచేత ఒక సంతకం గీయించుకుంటే మన పని అయిపోతుంది."

ఎలక్ట్రీషియన్ నవ్వు మాయమైంది. అతను మాస్టారిని కాకుండా ఆవిడని చూస్తున్నాడు. ఆవిడ తల ఎత్తలేదు. పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. చాలాసేపు రాసింది. ఇంత పొడుగున రాస్తోందంటే పొగడ్తలే అనుకుని మాస్టారు పనిముట్లు సర్దుకున్నాడు. ఆవిడ సంతకం పెట్టి, గులాబీ కాగితం చింపి సొరుగులో పెట్టుకుని, పుస్తకం మూసి ఆయన చేతికిచ్చింది. హెడ్‌ఫోన్లు తియ్యకుండానే అంది:

"హోరు పోతుంది గానీ మాట పోదని మీరే చెప్పారండీ. ఏడు నెలల కిందట."

మాస్టారు గేటు దాకా ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. గేటు పక్కన ఐసు బండి చాటున నిలబడి పుస్తకం తెరిచాడు.

"హోరు పూర్తిగా పోయింది. మాటలు ఇంతకు ముందుకన్నా తేటగా వినపడుతున్నాయి. నాలుగడుగుల దూరంలో మాస్టారు ఎలక్ట్రీషియన్‌తో అన్న మాటలు ఇవి:" అని, కింద ఆయన అన్నవన్నీ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. ఆర్డర్లు రాసుకునే చెయ్యి కదా, విన్నది విన్నట్టు రాయడం ఆవిడకి తొమ్మిదేళ్ల అలవాటు. చివర "రిపేరు బాగుంది" అని కూడా రాసింది. ఆ ఒక్క ముక్కా న్యాయంగా రాసింది.

పేజీ చింపుదామా అనుకున్నాడు. నంబరుంది. పుస్తకం పారేద్దామా అనుకున్నాడు. గులాబీ కాగితం ఆవిడ సొరుగులో ఉంది. అన్నగారు పోయి ఎనిమిదేళ్లయినా తన మెడ పట్టుకుని షాపుకి నడిపిస్తున్నట్టే ఉంది ఆయనకి.

వదినగారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తరవాత పుస్తకం ఆయన వైపు తిప్పి, వేలు ఆ వాక్యాల మీద పెట్టి అడిగింది.

"ఇవి నువ్వన్న మాటలేనా?"

మాస్టారు నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ల అలవాటు నాలుక చివరికి దానంతటదే వచ్చేసింది. "అది ఆవిడ భ్..." అని ఆగిపోయాడు. వదినగారు పుస్తకం మూసింది. గాజుగది తాళంచెవికి చెయ్యి చాపింది.

సోమవారం నుంచి ఆ కుర్చీలో ఎదురు షాపు ఆవిడ కూర్చుంది. మొదటి రోజే గాజు తలుపు ఊడదీయించి గోడకి ఆనించింది. హోరు ఆపే హెడ్‌ఫోన్లు ఏవొచ్చినా, పాత ఫ్యాను ఒకటి పక్కన పెట్టి తిప్పి, ఆ హోరులో పరీక్షిస్తోంది. మాస్టారు కౌంటర్లో వదినగారి పక్కన కూర్చుని, వచ్చినవాళ్ల బాధలు రాసుకుంటున్నాడు. ఎర్ర తీగ ఎటు వెయ్యాలో అడిగేవాళ్లెవరూ లేరు.

మూడో రోజు మధ్యాహ్నం వదినగారు భోజనానికి లేచినప్పుడు, ఇక తట్టుకోలేక, అమ్మకానికి పెట్టిన హెడ్‌ఫోన్లు ఒకటి తీసి చెవులకి తగిలించుకున్నాడు. బొత్తం నొక్కాడు. వీధిలో బస్సుల రొద పోయింది. పాత ఫ్యాను హోరు పోయింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఏమండీ" అంది కౌంటరు ముందు నిలబడ్డ ఒక ముసలావిడ. ఆ గొంతు అద్దంలా స్పష్టంగా వినపడింది. "కిందటేడు మీరు బాగుచేసిన రేడియో జుయ్యిమంటోందండీ. అడిగితే నా భ్రమ అన్నారు. మొత్తం చెబుతా, రాసుకోండి."